అంచులు రెండు కదులుతున్నాయి కాబట్టే పదాలు రెండు

ఇంటర్ మొదటి ఏడాదిలో మ్యాథ్స్ 1బి చదివినవాళ్లను నిద్రలో లేపి అడిగినా చెప్పే ప్రొడక్ట్ రూల్ అనే సూత్రం ఒకటుంది: (uv)' = u'v + uv'. "ఫస్ట్ ఇంటూ డెరివేటివ్ ఆఫ్ సెకండ్, ప్లస్ సెకండ్ ఇంటూ డెరివేటివ్ ఆఫ్ ఫస్ట్" అని రాగం తీసి మరీ నేర్చుకుంటారు. అందులో రెండు పదాలు ఎందుకున్నాయని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. కొందరు పుస్తకంలోని నిరూపణ రాసి చూపిస్తారు. అది సరైనదే. కానీ దాన్ని రాసినవాళ్లకే ఆ రెండో పదం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే, నిరూపణ ఉండీ లాభం లేదు.

ఈ సూత్రం చెప్పేముందు బోర్డు మీద ఒక దీర్ఘచతురస్రం గీయాలి అన్నది నా వాదన. తర్వాత ఎప్పుడో కుదిరితే బొమ్మ చూపిద్దాం అనుకుంటే పని జరగదు. బొమ్మే ముందు రావాలి, సూత్రం దాని కింద రాసుకునే వాక్యం కావాలి. ఎందుకంటే ఈ సూత్రం గురించి పిల్లలకు వచ్చే అనుమానాలన్నిటికీ జవాబులు ఆ ఒక్క బొమ్మలోనే ఉన్నాయి.

మొదటి అనుమానం అందరికీ వచ్చేదే. "మేడమ్, కూడికలో అయితే విడివిడిగా డెరివేటివ్ చేసి కలిపేస్తున్నాం కదా, గుణకారంలో కూడా విడివిడిగా చేసి గుణిస్తే తప్పేంటి?" ఈ ప్రశ్న అడిగిన పిల్లల్ని కసురుకోకూడదు. కలనగణితాన్ని కనిపెట్టినవారిలో ఒకరైన లైబ్నిజ్ కూడా 1675 నవంబరులో తన కాగితాల మీద ఇదే ప్రశ్న వేసుకున్నాడు: d(xy), dx·dy రెండూ ఒకటేనా అని. కాదని లెక్క చేసి చూసుకున్నాడు. సరైన సూత్రాన్ని అచ్చులో పెట్టింది 1684లో.

ఇప్పుడు బొమ్మకు వద్దాం. ఒక దీర్ఘచతురస్రం పొడవు 50 సెంటీమీటర్లు, వెడల్పు 30 సెంటీమీటర్లు అనుకుందాం. వైశాల్యం 1500 చదరపు సెంటీమీటర్లు. కింది ఎడమ మూల కదలదు. కుడివైపు అంచు సెకనుకు 2 సెంటీమీటర్ల చొప్పున కుడికి జరుగుతోంది, పై అంచు సెకనుకు 1 సెంటీమీటరు చొప్పున పైకి జరుగుతోంది. ఈ క్షణంలో వైశాల్యం ఎంత వేగంగా పెరుగుతోంది?

ఒక సెకను గడవనిద్దాం. కొత్త కొలతలు 52, 31. వైశాల్యం 1612. అంటే 112 పెరిగింది. ఈ 112ని అంకెగా వదిలేయకుండా, పాత దీర్ఘచతురస్రం మీద కొత్తదాన్ని పెట్టి, బయటికి వచ్చిన భాగాన్ని చూడండి. అది మూడు ముక్కలుగా ఉంటుంది. కుడివైపు నిలువు పట్టీ ఒకటి: వెడల్పు 2, ఎత్తు 30, కాబట్టి 60. పైన అడ్డ పట్టీ ఒకటి: పొడవు 50, ఎత్తు 1, కాబట్టి 50. ఈ రెండు పట్టీలూ కలిసే చోట, కుడి పై మూలలో 2 బై 1 కొలతతో చిన్న ముక్క. అది 2. మొత్తం 60 + 50 + 2 = 112.

నిలువు పట్టీ ఎలా వచ్చింది? కుడి అంచు జరగడం వల్ల. దాని వైశాల్యం, అంచు జరిగిన దూరాన్ని ఆ అంచు పొడవుతో గుణిస్తే వచ్చింది. అడ్డ పట్టీ కూడా అంతే, పై అంచు జరగడం వల్ల వచ్చింది. కదిలే అంచులు రెండు, కాబట్టి పట్టీలు రెండు. పొడవు u, వెడల్పు v అనుకుంటే, u' అనేది కుడి అంచు వేగం, v అనేది ఆ అంచు నిడివి. రెండింటినీ గుణిస్తే సెకనుకు ఆ అంచు ఊడ్చుకుపోయే వైశాల్యం. uv' కూడా అలాంటిదే, పై అంచు సంగతి. ప్రొడక్ట్ రూల్‌లో ఒక్కో పదం ఒక్కో అంచు చేసే పని. ఇంత సూటిగా ఉన్న విషయాన్ని రాగాల్లో ఎందుకు దాచిపెడుతున్నామో నాకు అర్థం కాదు.

ఇక మిగిలింది మూల ముక్క. అసలు తికమకంతా ఇక్కడే. చాలాచోట్ల దీని గురించి ఒక్క మాటలో తేల్చేస్తారు: "అది చాలా చిన్నది కాబట్టి వదిలేద్దాం." ఈ మాట నాకు అస్సలు నచ్చదు. చిన్నది కాబట్టి వదిలేస్తే, సమయం తగ్గేకొద్దీ పట్టీలు కూడా చిన్నవే అవుతాయి కదా, వాటినీ వదిలేయాలి. తెలివైన పిల్లలు సరిగ్గా ఇక్కడే పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా.

సెకనుకు బదులు h సెకన్లు తీసుకుని చూద్దాం. నిలువు పట్టీ 2h × 30 = 60h. అడ్డ పట్టీ h × 50 = 50h. మూల ముక్క 2h × h = 2h². మొత్తం పెరుగుదల 110h + 2h². ఇప్పటిదాకా ఏదీ వదల్లేదు, ఇది కచ్చితమైన లెక్క. మనకు కావలసింది వేగం, అంటే పెరిగిన వైశాల్యాన్ని పట్టిన కాలంతో భాగించాలి. h తో భాగిస్తే 110 + 2h. పట్టీల్లో ఉన్న h కొట్టుకుపోయింది. మూల ముక్కలో రెండు h లు ఉన్నాయి, భాగించాక కూడా ఒకటి మిగిలింది. పదో వంతు సెకనుకు చూస్తే సగటు వేగం 110.2, నూరో వంతు సెకనుకు 110.02. పట్టీల వాటా ఎక్కడా 110 నుంచి కదల్లేదు. మూల వాటా మాత్రం 0.2 నుంచి 0.02కి పడిపోయింది, ఇంకా పడుతూనే ఉంటుంది. h సున్నాకు చేరువవుతుంటే అవధి 110.

కాబట్టి మూల ముక్క పోవడానికి కారణం అది చిన్నదవడం ఒక్కటే కాదు, పట్టీలకంటే వేగంగా చిన్నదవడం. పట్టీకి ఒక కొలతే కుంచించుకుపోతుంది, రెండో కొలత 30గానో 50గానో అలాగే నిలబడి ఉంటుంది. మూల ముక్కకు రెండు కొలతలూ కుంచించుకుపోతాయి. దాన్ని ఎవరూ చేత్తో తీసి పారేయనక్కర్లేదు, భాగహారం చేసి అవధి తీసుకుంటే అదే పోతుంది.

ఇప్పుడు మొదటి అనుమానానికి తిరిగి వెళ్తే అది కొత్తగా కనిపిస్తుంది. విడివిడిగా డెరివేటివ్ చేసి గుణిస్తే మన లెక్కలో వచ్చేది 2 × 1 = 2. ఆ 2 బొమ్మలో ఎక్కడుంది? మూల ముక్కలో. 2h² లోని 2 అదే. అంటే u'v' అని రాసినవాళ్లు, నిలవాల్సిన రెండు పట్టీలనూ వదిలేసి, పోవాల్సిన ఒక్క ముక్కనే లెక్కపెట్టారన్నమాట. ప్రమాణాలు చూసినా ఇది బయటపడుతుంది. వైశాల్యం పెరిగే వేగం సెకనుకు ఇన్ని చదరపు సెంటీమీటర్లు అని రావాలి. u'v' లో సెకనుకు ఇన్ని సెంటీమీటర్లు అనేదాన్ని మళ్లీ అలాంటిదానితోనే గుణిస్తున్నాం, కింద సెకను వర్గం వచ్చింది. ప్రశ్న అడిగిన కొలతే జవాబులో లేదు. పరీక్ష హాల్లో సూత్రం మర్చిపోయినా, ఈ ఒక్క పరిశీలనతో తప్పు దారి పట్టకుండా ఉండవచ్చు.

పుస్తకంలోని నిరూపణ సంగతి కూడా ఈ బొమ్మతోనే తేలుతుంది. అందులో u(x+h)v(x+h) − u(x)v(x) అని రాసి, మధ్యలో u(x)v(x+h) అనే పదాన్ని ఒకసారి తీసేసి, ఒకసారి కలుపుతారు. ఎందుకు అదే పదం? ఎవరికి తట్టింది? తరగతిలో అది గాల్లోంచి ఊడిపడినట్టు ఉంటుంది. నిజానికి u(x)v(x+h) కూడా ఒక దీర్ఘచతురస్రమే. పొడవు పాతది, వెడల్పు కొత్తది. అంటే రెండు అంచులనూ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి జరిపితే మధ్యలో వచ్చే ఆకారం. మన అంకెల్లో ముందు పై అంచును జరపండి: 50 × 30 కాస్తా 50 × 31 అవుతుంది, 50 పెరిగింది. తర్వాత కుడి అంచును జరపండి: 50 × 31 కాస్తా 52 × 31 అవుతుంది, 62 పెరిగింది. 50 + 62 = 112. మూల ముక్క ఎక్కడికీ పోలేదు, రెండోసారి జరిపిన పట్టీలో కలిసిపోయింది. అందుకే ఆ పట్టీ ఎత్తు 30 కాకుండా 31.

ఈ దశలో నిరూపణ చివర్లో ఒక వాక్యం వస్తుంది: "v అవిచ్ఛిన్న ప్రమేయం కాబట్టి v(x+h) అనేది v(x)కు చేరుతుంది." పిల్లలు దీన్ని మార్కుల కోసం రాసే వాక్యంగా చూస్తారు. బొమ్మలో దాని అర్థం ఎంత స్పష్టంగా ఉందో చూడండి: ఆ పట్టీ ఎత్తు 31 నుంచి 30.1కి, 30.01కి, చివరికి 30కి దిగుతోంది. వెడల్పు మారినా గంతులు వేయకుండా మారుతోంది అన్న హామీ లేకపోతే అది 30కి దిగుతుందని చెప్పలేం. అంచుల వేగం స్థిరంగా లేనప్పుడు కూడా పని చేసేది ఈ హామీయే. మూల ముక్క Δu·Δv. దాన్ని h తో భాగిస్తే (Δu/h)·Δv. మొదటి భాగం u' వైపు వెళ్తుంది, రెండోది సున్నా వైపు. లబ్ధం సున్నా. 2, 1 అనే వేగాలు నేను లెక్క సులువు కోసం తీసుకున్నవే తప్ప, వాదన వాటి మీద ఆధారపడి లేదు.

బొమ్మ మీద ఒక అభ్యంతరం వినిపిస్తుంటుంది, అది సరైన అభ్యంతరమే: అంచు బయటికి కాకుండా లోపలికి జరిగితే? పొడవు సెకనుకు 2 పెరుగుతూ, వెడల్పు సెకనుకు 1 తగ్గుతోందనుకోండి. సెకను తర్వాత 52 × 29 = 1508. పెరిగింది 8 మాత్రమే. సూత్రం ప్రకారం ఆ క్షణంలోని వేగం 60 − 50 = 10. తేడా −2, అది మన మూల ముక్కే, ఈసారి రుణ గుర్తుతో. కాగితం మీద చూస్తే పైనుంచి 50 బై 1 పట్టీని కోసేశాం, మిగిలిన ఎత్తు 29కి కుడివైపు 2 వెడల్పు పట్టీ అతికించాం: 58 − 50 = 8. 60లోంచి 2 తగ్గి 58 అయింది ఎందుకంటే అతికించే చోట ఆ మూల అసలు లేదు. రెండు అంచులూ లోపలికి జరిగితే ఇంకో వింత: రెండు పట్టీలు కోసేటప్పుడు మూల ముక్కను రెండుసార్లు తీసేసినట్టు అవుతుంది, కాబట్టి ఒకసారి తిరిగి కలపాలి. −60 − 50 + 2 = −108, నిజంగానే 48 × 29 = 1392. గుర్తులు ఎలా మారినా పదాల సంఖ్య మారదు.

ఇంటర్ ఫిజిక్స్‌లో ఇదే విషయం వేరే పేరుతో పిల్లల ముందుకు వస్తుంది, రెండూ ఒకటేనని ఎవరూ చెప్పరు. ఘనపదార్థాల వ్యాకోచంలో β = 2α అని కంఠస్థం చేస్తారు. α అంటే దైర్ఘ్య వ్యాకోచ గుణకం, β అంటే విస్తీర్ణ వ్యాకోచ గుణకం. ఆ 2 ఎక్కడిది? రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు ఉన్న ఉక్కు రేకును తీసుకోండి. ఉక్కుకు α సుమారు 12 × 10⁻⁶, ఒక్కో సెల్సియస్ డిగ్రీకి. రేకు వేడి 50 డిగ్రీలు పెరిగితే పొడవు 1.2 మిల్లీమీటర్లు, వెడల్పు 0.6 మిల్లీమీటరు పెరుగుతాయి. పొడవు పెరగడం వల్ల వచ్చిన పట్టీ 1.2 × 1000 = 1200 చదరపు మిల్లీమీటర్లు. వెడల్పు పెరగడం వల్ల వచ్చిన పట్టీ 0.6 × 2000 = 1200. మూల ముక్క 1.2 × 0.6 = 0.72. మొత్తం 2400.72.

రెండు పట్టీలూ సమానంగా రావడం యాదృచ్ఛికం కాదు. u'v + uv' ను uv తో భాగిస్తే u'/u + v'/v వస్తుంది. అంటే వైశాల్యం ఎంత శాతం చొప్పున పెరుగుతోందో తెలియాలంటే రెండు భుజాల పెరుగుదల శాతాలను కలిపితే చాలు. వేడికి రేకు అన్ని దిక్కులా ఒకే శాతంలో సాగుతుంది కాబట్టి α + α = 2α. పిల్లలు పరీక్షకు బట్టీ పట్టే ఆ 2, ప్రొడక్ట్ రూల్‌లోని రెండు పదాలే. ఉక్కు దిమ్మె తీసుకుంటే కదిలే ముఖాలు మూడు, కాబట్టి ఘనపరిమాణ వ్యాకోచ గుణకం γ = 3α. అక్కడ మూడు పలకలు, అంచుల వెంట మూడు సన్నని కడ్డీలు, ఒక చిన్న మూల దిమ్మె మిగులుతాయి. కడ్డీల్లో h², దిమ్మెలో h³ ఉంటాయి కాబట్టి పలకలు మాత్రమే నిలుస్తాయి. ఇక రేకులో మూల ముక్కను వదిలేస్తే జరిగే పొరపాటు ఎంత? 2400లో 0.72. కొలిచే పరికరానికి కూడా అందదు. అందుకే ఫిజిక్స్ పుస్తకం దాన్ని నిశ్చింతగా వదిలేస్తుంది. కానీ ఇక్కడ వదలడం వేరు, అవధిలో అది సున్నా కావడం వేరు. మొదటిది ఉజ్జాయింపు, రెండోది కచ్చితమైన ఫలితం. ఈ తేడాను పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

ఈ తేడా మీద పెద్ద గొడవే జరిగింది. న్యూటన్ 1687 నాటి ప్రిన్సిపియాలో, రెండో సంపుటంలో, ఇదే దీర్ఘచతురస్రాన్ని తీసుకున్నాడు. మూల ముక్కతో తలనొప్పి లేకుండా ఒక ఉపాయం పన్నాడు. భుజాలు A, B అయితే, వాటి మార్పులు a, b అయితే, A నుంచి A + a దాకా వెళ్లకుండా, సగం వెనక్కి, సగం ముందుకు తీసుకున్నాడు. (A + a/2)(B + b/2) లోంచి (A − a/2)(B − b/2) తీసేస్తే సరిగ్గా aB + bA వస్తుంది, మూల ముక్క అసలు కనిపించదు. మన అంకెల్లో 51 × 30.5 = 1555.5, 49 × 29.5 = 1445.5, తేడా చక్కగా 110. చూడడానికి ఎంతో అందంగా ఉంది. 1734లో బిషప్ బార్క్లీ దీన్ని తప్పుపట్టాడు. AB అనే దీర్ఘచతురస్రం పెరిగితే దాని పెరుగుదలను AB నుంచే లెక్కించాలి, అలా చేస్తే ab తప్పకుండా వస్తుంది, దాన్ని ఏ యుక్తితోనూ మాయం చేయలేరు అన్నాడు. ఆ మాటలో బార్క్లీదే న్యాయమని నేను అనుకుంటాను. న్యూటన్ జవాబు సరైనదే, కానీ ఆయన లెక్కించింది వేరే విరామంలోని పెరుగుదల. మూల ముక్క ఎందుకు పోతుందో చెప్పాలంటే h తో భాగించి అవధి తీసుకోవాలి, అంతకు మించిన దగ్గరి దారి లేదు.

అయినా న్యూటన్ సగం లెక్కను పక్కన పడేయడం నాకిష్టం లేదు. మార్పులు పెద్దవైనప్పుడు, అవధి అనే సౌకర్యం లేనప్పుడు అది మళ్లీ పనికొస్తుంది. వరి దిగుబడి తీసుకోండి. ఒక రైతు నిరుడు 10 ఎకరాల్లో ఎకరానికి 30 బస్తాల చొప్పున 300 బస్తాలు పండించాడు. ఈ ఏడు 12 ఎకరాలు వేశాడు, ఎకరానికి 35 వచ్చాయి, మొత్తం 420. పెరిగిన 120లో విస్తీర్ణం వల్ల ఎంత, ఎకరా దిగుబడి వల్ల ఎంత? ఎకరాలు ఒక భుజం, ఎకరాకు బస్తాలు ఇంకో భుజం. అదనపు 2 ఎకరాలు పాత దిగుబడితో 60 బస్తాలు. అదనపు 5 బస్తాలు పాత 10 ఎకరాల్లో 50. మిగిలిన 10 బస్తాలు మూల ముక్క: కొత్త ఎకరాల్లో వచ్చిన అదనపు దిగుబడి. ఇక్కడ h సున్నాకు వెళ్లడం అంటూ ఏమీ లేదు. ఏడాదికి ఒక పంట, మార్పు ఉన్నపళాన అంత. ఆ 10 బస్తాలు నిజంగా గాదెలో ఉన్నాయి.

వ్యవసాయ ఆర్థికవేత్తలు ఇలాంటి ముక్కలను దాచరు. మన దేశంలో పంటల ఉత్పత్తి పెరుగుదలను విడగొట్టి చూపిన మిన్హాస్, వైద్యనాథన్ 1965 నాటి అధ్యయనంలో విస్తీర్ణం, దిగుబడి, పంటల సరళులతో పాటు, దిగుబడి, పంటల సరళి కలిసి చూపే పరస్పర ప్రభావానికి కూడా విడిగా చోటిచ్చారు. మూల ముక్కను విడిగా చూపడం ఇష్టం లేనివాళ్లకు ఇంకో దారి ఉంది, అది న్యూటన్ దారే. పాత, కొత్త విలువల సగటు తీసుకోవాలి. 2 ఎకరాలను సగటు దిగుబడి 32.5 తో గుణిస్తే 65, 5 బస్తాలను సగటు విస్తీర్ణం 11 తో గుణిస్తే 55. మొత్తం 120, మిగులు లేదు. మూల ముక్కను చెరో ఐదు బస్తాలుగా పంచేశాం. పాత ఏడాది దిగుబడికి బదులు కొత్త ఏడాది 35 తో విస్తీర్ణం వాటాను లెక్కిస్తే ఆ పది బస్తాలూ విస్తీర్ణం ఖాతాలోకే పోతాయి, 70, 50 అవుతాయి. ఎకరాలు పెంచడం వల్లే పంట పెరిగిందని చెప్పదలచుకున్నవారు ఈ లెక్క వేసుకోవచ్చు, కొత్త విత్తనం వల్లే పెరిగిందని చెప్పదలచుకున్నవారు ఆ పదినీ దిగుబడి వైపు వేసి 60, 60 అని చూపించవచ్చు. కూడిక ఎవరిదీ తప్పు కాదు. అలాంటి లెక్క చేతికొచ్చినప్పుడు మూల ముక్కను ఎవరి ఖాతాలో వేశారో ముందు చూడమని నా దగ్గర చదువుకునే పిల్లలకు చెబుతాను.